నోటీసులో రెండు గడువులు

బంగారుపాళ్యం దారిలో మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ నడుపుతున్న ఒక పెద్దాయన సెప్టెంబరు 20న చిత్తూరులోని మా లాయరు ఆఫీసుకు వచ్చారు. చేతిలోని ప్లాస్టిక్ కవరులో చెన్నై లాయరు పంపిన ఆరు పేజీల ఇంగ్లీషు నోటీసు ఉంది. దానికి పిన్ను చేసి, తిరుపతిలో ఇంజనీరింగ్ చదువుతున్న మేనల్లుడు రూళ్ల కాగితం మీద రాసిచ్చిన తెలుగు అనువాదం కూడా ఉంది. కూర్చోకముందే ఆయన అడిగిన మాట ఇది: "పదైదు దినాల్లో ఇరవై నాలుగు లక్షలు కట్టకపోతే ఫ్యాక్టరీకి తాళమేస్తారంట గదా సామీ. ఇంగ ఏడు దినాలే ఉండాది."

నోటీసులో తాళం మాట ఎక్కడా లేదు. "ఆ గడువులోగా చెల్లించని పక్షంలో మా కక్షిదారు తగిన చట్టపరమైన చర్యలు తీసుకుంటారు, వాటి ఖర్చులకూ పర్యవసానాలకూ మీరే బాధ్యులు" అని ఉంది. ఇది ప్రతి లాయరు ఆఫీసులోనూ ఉండే అచ్చు వాక్యం. మేనల్లుడు దాన్ని తప్పుగా ఏమీ రాయలేదు. అయితే చదివి వినిపించే సమయానికి భయం ఆ వాక్యానికి ఒక తాళం కప్పను కూడా జత చేసింది. ఇంగ్లీషు నోటీసును యజమానికి వివరించడమంటే మాటకు మాట తెలుగు చేయడమని చాలామంది అనుకుంటారు. ఆ పని ఎంత నమ్మకంగా చేసినా యజమానికి తెలియవలసింది తెలియదని ఈ కేసును చూపి చెప్పదలచుకున్నాను. మా వృత్తిలోనే దీనికి ఎదురువాదం ఉంది: "క్లయింటుకు అర్థం కావలసిన పనేముంది, వకాలతు మీద సంతకం పెడితే జవాబు మనం చూసుకుంటాం కదా" అంటారు. ఆ మాటను కూడా నేను ఒప్పుకోను. ఎందుకో నోటీసులోని ఆరో పేరా దగ్గర తెలుస్తుంది.

ముందు వ్యవహారం. మే 2న చెన్నైలోని ఒక ఎగుమతిదారుతో ఆయన ఒప్పందం చేసుకున్నారు. 100 టన్నుల తోతాపురి గుజ్జు, కిలో 50 రూపాయలు, జులై 31లోగా అందించాలి. అడ్వాన్సు 10 లక్షలు. పంపే ప్రతి కిలోకూ 10 రూపాయల చొప్పున ఆ అడ్వాన్సు చెల్లు అవుతుంది. అసెప్టిక్ బ్యాగులను, అంటే ఒక్కొక్కటి 215 కిలోలు పట్టే, డ్రమ్ములో దించి గుజ్జు నింపే ఆ పెద్ద సంచులను, కొనుగోలుదారే జూన్ 20లోగా పంపాలి. పెద్దాయన హామీగా ఒక సంతకం చేసిన చెక్కు ఇచ్చారు. జులై చివరికి 60 టన్నులు వెళ్లాయి, 40 టన్నులు ఆగిపోయాయి. కొనుగోలుదారు కూడా రెండో లాటులో తీపి శాతం తక్కువని చెప్పి 3 లక్షలు ఆపుకున్నాడు.

నేను నోటీసును మొదటి పేరా నుంచి చదివి చెప్పను. మొదటి మూడు పేజీల్లో ఉండేది అవతలివాళ్ల కథ. అది విన్నకొద్దీ యజమానికి కోపం వస్తుంది, తర్వాతివి చెవికెక్కవు. ముందు ఆ కవరు అడుగుతాను. నోటీసు మీద సెప్టెంబరు 8 అని ఉంది, స్పీడ్ పోస్టు ట్రాకింగు ప్రకారం ఫ్యాక్టరీలో అందింది 12న. "అందిన నాటి నుంచి 15 రోజులు" అన్నప్పుడు అందిన రోజును లెక్కలోంచి తీసేస్తారు, 13వ తేదీ ఒకటో రోజు అవుతుంది, కాబట్టి గడువు 27తో ముగుస్తుంది. కవరు పారేసినవాళ్లకు ఈ లెక్కకు ఆధారం ఉండదు. తీసుకోకుండా తిప్పి పంపడం ఇంకా తెలివితక్కువ పని. సరైన చిరునామాకు వచ్చిన పోస్టును కాదంటే అందినట్టే కోర్టులు లెక్కిస్తాయి, లోపల ఏముందో మాత్రం మనకు తెలియకుండా పోతుంది.

ఆ తర్వాత చెప్పవలసిన మొదటి మాట, ఈ 15 రోజులు ఏ చట్టమూ పెట్టినవి కావన్నది. అవి అవతలి లాయరు వేసుకున్న గడువు. పది అని ఉండవచ్చు, ముప్పై అని ఉండవచ్చు. 28వ తేదీ ఉదయానికి యజమాని హక్కు ఒక్కటి కూడా పోదు, ఆయన మీద అప్పు కొత్తగా పుట్టదు. ఒప్పందం ఉల్లంఘన మీద దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం ఉల్లంఘన జరిగిన నాటి నుంచి 3 సంవత్సరాలు ఇస్తుంది. అవతలివాళ్లు రేపే వేయవచ్చు, రెండేళ్ల తర్వాతా వేయవచ్చు. అంతమాత్రాన ఆ 15 రోజులను పట్టించుకోనక్కరలేదని కాదు. గడువులోపల ఇచ్చిన జవాబు, రేపు తగాదా ముదిరితే, మన వాదన మొదటి నుంచీ ఇదేనని చూపే కాగితం అవుతుంది. మౌనం ఒప్పుకోలు కాదు గానీ, "బ్యాగులు ఆలస్యమైతే అప్పుడే ఎందుకు రాయలేదు" అన్న ప్రశ్నకు తావిస్తుంది.

ఇదంతా విని పెద్దాయన కుర్చీలో కాస్త వెనక్కి వాలారు. నిజానికి ఆయన ఊపిరి బిగబట్టవలసిన చోటు ఇంకా రాలేదు. అది పద్నాలుగో పేరాలో ఉంది. మేనల్లుడు దాన్ని ఇలా అనువదించాడు: "ఒక రిటైర్డు జిల్లా జడ్జిని మధ్యవర్తిగా పెడుతున్నాము, 30 రోజుల్లో మీ సమ్మతి తెలపండి." అది చదివి పెద్దాయన సంతోషించారట. "మద్దిస్తం పెట్టుకుందాం అంటాండారు, అదొక్కటీ మంచిమాట" అన్నారు.

తెలుగులో మనకు ఇక్కడ పెద్ద చిక్కు ఉంది. మధ్యవర్తి అంటే మన ఊళ్లలో ఇద్దరినీ కూర్చోబెట్టి, నువ్వు కొంచెం తగ్గు, నువ్వు కొంచెం పెంచు అని సర్దిచెప్పే పెద్దమనిషి. ఆయన మాట నచ్చకపోతే తువ్వాలు దులుపుకొని లేచి రావచ్చు. ఆర్బిట్రేటరు అలాంటివాడు కాదు. ఇద్దరి వాదనా విని తీర్పు చెబుతాడు, ఆ అవార్డును కోర్టు డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు. దాన్ని కోర్టులో సవాలు చేయడానికి 3 నెలల గడువు, తగిన కారణం చూపితే మరో 30 రోజులు, అది కూడా చట్టం చెప్పిన కొద్ది కారణాల మీదే. పుస్తకాల్లో రెంటికీ "మధ్యవర్తిత్వం" అని రాసి ఊరుకున్న పుణ్యానికి ఎంతమంది ఇలా నిశ్చింతగా కూర్చుని నష్టపోయారో! అందుకే నేను తెలుగులో చెప్పేటప్పుడు కూడా ఆర్బిట్రేటరు అనే అంటాను, పక్కన "ప్రైవేటు జడ్జి లాంటివాడు" అని చేరుస్తాను.

ఆ 30 రోజులు మాత్రం చట్టంతో ముడిపడినవి. ఒప్పందంలో తగాదా వస్తే ఒక్క ఆర్బిట్రేటరు, స్థానం చెన్నై, అన్న షరతు ఉంది. 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం 21వ సెక్షను ప్రకారం తగాదాను ఆర్బిట్రేషనుకు పంపాలన్న కోరిక మనకు అందిన రోజునే ఆ ప్రక్రియ మొదలైనట్టు. అంటే సెప్టెంబరు 12నే. ఆ కోరిక అందిన 30 రోజుల్లో ఇద్దరూ ఒక పేరు మీద ఒప్పందానికి రాకపోతే, 11వ సెక్షను కింద వాళ్లు హైకోర్టుకు వెళ్లి ఆర్బిట్రేటరును నియమించమని అడగవచ్చు. ఆ గడువు అక్టోబరు 12తో తీరుతుంది. మనం పలకకపోతే వాళ్లు చెప్పిన జడ్జిగారే ఖాయమవుతారన్నది కూడా నిజం కాదు. ఒక పక్షం తనంతట తాను ఒక్కడినే ఎంచి కూర్చోబెట్టడాన్ని సుప్రీంకోర్టు 2019 నుంచి ఒప్పుకోవడం లేదు. అయితే మనం ఒక పేరు సూచించగలిగే సులువైన అవకాశం ఆ నెల రోజుల్లోనే ఉంటుంది, ఆ తర్వాత చెన్నైలో హైకోర్టు లాయరును పెట్టుకోవాలి. పెద్దాయనను కంగారు పెట్టిన 15 వెనుక చట్టం లేదు, సంతోషపెట్టిన 30 వెనుక ఉంది.

ఇంకొక 15 కూడా ఉంది, అది నోటీసులో కనబడదు. పన్నెండో పేరాలో, హామీ చెక్కు తమ దగ్గర ఉందనీ, దాన్ని బ్యాంకులో వేసే హక్కు తమకుందనీ ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. వాళ్లు దాన్ని వేసి, అది తిరిగొస్తే, బ్యాంకు నుంచి ఆ సమాచారం అందిన 30 రోజుల్లోగా వేరే నోటీసు పంపుతారు. ఆ నోటీసు అందాక డబ్బు కట్టడానికి ఉండే 15 రోజులు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను పెట్టిన గడువు. అది దాటితే ఒక నెలలోగా క్రిమినల్ ఫిర్యాదు వేయవచ్చు. అదే లాయరు, అదే లెటర్‌హెడ్డు, అదే 15. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి, ఒకటి అడిగినవాడి ఇష్టం, మరొకటి చట్టం. "బ్యాంకుకు చెప్పి చెక్కు ఆపేద్దామా" అని పెద్దాయన అడిగారు. పేమెంటు ఆపించి చెక్కు వెనక్కి వచ్చినా 138 వర్తించవచ్చు కాబట్టి దాని మీదే ఆధారపడవద్దన్నాను. అది హామీగా ఇచ్చినదనీ, లెక్క తేలలేదనీ, దాన్ని వేయవద్దనీ జవాబులో ఇప్పుడే రాయడం మేలు. చెక్కు వేసిన రోజున అంత బాకీ నిజంగా ఉందా లేదా అన్నది ఆ కేసులో అసలు ప్రశ్న అవుతుంది.

ఇక ఆరో పేరా. మేనల్లుడి అనువాదంలో అది "మా కక్షిదారు ప్యాకింగ్ సామగ్రి సకాలంలో అందజేసినప్పటికీ నోటీసుదారు కావాలని తన బాధ్యతలను నిర్వర్తించలేదు" అని ఉంది. పెద్దాయన ఆ వాక్యాన్ని నాలుగుసార్లు విన్నారట, ప్యాకింగ్ సామగ్రి అంటే అట్టపెట్టెలనో ఏమో అనుకుని వదిలేశారు. నేను దాన్ని, "ఖాళీ బ్యాగులు మేము టైముకే పంపినాము, అయినా నువ్వే గుజ్జు ఇయ్యలేదు అంటున్నారన్నా" అని చెప్పాను. ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడ్డారు. "ఏడ సామీ టైముకు పంపినారు! రెండు వందల ఎనబై వచ్చినాయి జూన్లో. మిగిలిన నూటా తొంబై జులై ఇరవై రెండుకు దిగినాయి. లారీవోడి చలానా నా దగ్గర ఉండాది!"

280 బ్యాగులను 215తో హెచ్చవేస్తే 60 టన్నుల పైచిలుకు. ఆయన పంపిన సరుకు సరిగ్గా అంతే. మిగిలిన 190 బ్యాగులు వచ్చేసరికి గడువుకు 9 రోజులే మిగిలాయి, మండీలో కాయ సన్నగిల్లింది. ఆ మధ్యలో బ్యాగుల కోసం జులై 3న, మళ్లీ 11న ఆయన వాట్సాప్‌లో అడిగారు. రెండోదానికి "పంపుతున్నాము, పది రోజులు అటూ ఇటూ అయినా పర్వాలేదు" అని అవతలి మేనేజరు జవాబిచ్చాడు. వ్యవహారానికి ఆయువుపట్టు ఇదే, ఇది ఆరు పేజీల ఇంగ్లీషులో ఎక్కడా లేదు, ఆయన ఫోనులోనూ ఫ్యాక్టరీ సొరుగులోనూ ఉంది. క్లయింటుకు అర్థం కానక్కరలేదనే మిత్రులకు నేను చెప్పేది ఇంతే: ఆయనకు అర్థమయ్యేలా చెప్పకపోతే ఆ చలానా సొరుగులోంచి బయటకు రాదు. "అన్నీ అబద్ధాలు, ఖండిస్తున్నాము" అన్న పొడి జవాబు వెళ్లిపోతుంది.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 54వ సెక్షనులో దీనికి దగ్గరి ఉదాహరణే ఉంది. ఇల్లు కట్టేవాడికి కావలసిన పరంజీ, కలప యజమాని ఇవ్వాలని ఒప్పుకొని ఇవ్వకపోతే, కట్టేవాడు పని చేయనక్కరలేదు, పైగా యజమానే నష్టపరిహారం ఇచ్చుకోవాలి. ఇక్కడ పరంజీ స్థానంలో బ్యాగులు ఉన్నాయి. అయితే పోలిక పూర్తిగా కుదరదని కూడా ఆయనకు చెప్పాను. అక్కడ పరంజీ అసలు ఇవ్వలేదు, ఇక్కడ బ్యాగులు ఆలస్యంగానైనా వచ్చాయి, ఆయన తీసుకున్నారు, "ఇప్పుడొస్తే నాకు కుదరదు" అని ఆ రోజు రాయలేదు. ఆగస్టు మొదటి వారంలో కాయ దొరికేది, ధర ఎక్కువ. ఆయన జవాబులో మొట్టమొదట రాయమని పట్టుబట్టిన మాట కూడా అదే: "కాయ రేటు పెరిగిపోయింది, నాకు గిట్టలేదు." ఆ వాక్యం జవాబులో ఉండకూడదని నేను అంతకన్నా గట్టిగా పట్టుబట్టాను. ధర పెరగడం వల్ల పని అసాధ్యమైనట్టు కోర్టులు ఒప్పుకోవు. ఆ మాట రాస్తే, బ్యాగులు కారణం కాదు, లాభం తగ్గడమే కారణమని మన నోటితో మనమే ఒప్పుకున్నట్టవుతుంది.

అడిగిన డబ్బును కూడా ముక్కలుగా విడదీసి చూపాలి. మొత్తం 24 లక్షల 20 వేలు అన్నప్పుడు మనిషికి చెమటలు పడతాయి, ముక్కలు చేస్తే ఏది గట్టిదో ఏది గాలో కనబడుతుంది. మిగిలిన అడ్వాన్సు 4 లక్షలు నిజమైన బాకీ. ఆగస్టులో వేరేచోట కిలో 58కి కొన్నామంటూ తేడా 8 రూపాయల చొప్పున 40 టన్నులకు అడిగిన 3 లక్షల 20 వేలు, తప్పు మనదేనని తేలితే, చట్టం సాధారణంగా ఇప్పించే నష్టం. కొన్నట్టు బిల్లులు చూపమని అడగాలి. ఒప్పందంలోని జరిమానా షరతు కింద ఆగిన సరుకు విలువలో 10 శాతం, 2 లక్షలు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం రాసుకున్న అంకె గరిష్ఠ హద్దు మాత్రమే, దానిలోపల సబబైనంతే ఇప్పిస్తారు. పైగా ధర తేడా, జరిమానా రెండూ ఒకే నష్టానికి అడిగినవి. మిగిలిన 15 లక్షలు విదేశీ కొనుగోలుదారు దగ్గర పరువు పోయినందుకట. అటువంటి దూరపు నష్టాన్ని 73వ సెక్షను ఇప్పించదు, ఒప్పందం చేసుకునేటప్పుడే అలా జరుగుతుందని ఇద్దరికీ తెలిసి ఉంటే తప్ప. వీటి మీద అడిగిన 24 శాతం వడ్డీ ఒప్పందంలో ఎక్కడా లేదు.

ఇవతలి వైపు వాళ్లు ఆపుకున్న 3 లక్షలు ఉన్నాయి. సరుకు అందిన 7 రోజుల్లో నాణ్యత అభ్యంతరం చెప్పాలని ఒప్పందంలో ఉంది, వాళ్లు 26 రోజులకు చెప్పారు. పెద్దాయనకు ఒప్పందానికి ముందు నుంచే చిన్న పరిశ్రమలకు ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషను ఉంది కాబట్టి, ఆ పరిశ్రమల కోసం ఉన్న ఎంఎస్ఎంఈ చట్టం కింద ఆ బాకీ మీద చక్రవడ్డీ అడగవచ్చు, అటువంటి బాకీల తగాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిలుకు వెళ్లవచ్చు. ఆ దారి ఉందని జవాబులో ఒక్క వాక్యంతో గుర్తుచేశాము, అంతకన్నా ముందుకు వెళ్లలేదు. 3 లక్షల కోసం రెండో యుద్ధం మొదలుపెట్టే వయసు తనకు లేదని ఆయనే అన్నారు.

సెప్టెంబరు 24న జవాబు స్పీడ్ పోస్టులో వెళ్లింది. రాసే ముందు ప్రతి వాక్యాన్నీ ఆయనకు తెలుగులో చెప్పి ఔనా కాదా అని అడిగాను. రెండుచోట్ల కాదన్నారు, ఆ రెండూ నా తప్పులే. బ్యాగుల తేదీలు, చలానా నకలు, వాట్సాప్ సందేశాల తేదీలు పెట్టాము. షెడ్డులో ఉన్న 190 ఖాళీ బ్యాగులు ఎప్పుడైనా తీసుకెళ్లవచ్చని రాశాము, ఎందుకంటే అవి వాళ్ల సొత్తు, దాని మీద ఇంకో ఆరోపణకు చోటివ్వకూడదు. సూచించిన ఆర్బిట్రేటరుకు సమ్మతించడం లేదనీ, తగాదా అక్కడికే వెళ్తే ఫలానా ఇద్దరిలో ఎవరైనా మాకు సమ్మతమేననీ చెప్పాము. 4 లక్షల సంగతిని ఎలా రాయాలన్న దగ్గరే ఎక్కువసేపు ఆగాను. బాకీ ఉన్నట్టు సంతకంతో రాస్తే కాలపరిమితి చట్టం 18వ సెక్షను కింద ఆ రోజు నుంచి వాళ్లకు కొత్తగా 3 సంవత్సరాలు మొదలవుతాయి. కాదనడం అబద్ధం. "రెండు వైపుల లెక్కలూ చూసి తేలినంతకు" అన్న మాట దగ్గర ఆగాము. అది అంత అందమైన వాక్యం కాదు, అయినా నిజం దాటలేదు.

రాజీ మాటను ఆ జవాబులో కలపలేదు. దాన్ని వేరే ఉత్తరంలో, పైన "వితౌట్ ప్రెజుడిస్" అని పెట్టి పంపాము. మేనల్లుడు ఆ మాటను అవతలివాళ్ల నోటీసులో "పక్షపాతం లేకుండా" అని తెలుగు చేశాడు. నిఘంటువు ప్రకారం అబ్బాయి తప్పు లేదు. ఇక్కడ దాని అర్థం, ఇందులో మేము దిగివచ్చి చెప్పే మాటను రేపు మా మీద ఒప్పుకోలుగా వాడకూడదు, మా హక్కులు మాకు అలాగే ఉంటాయి అని. ఆ లోపల పెద్దాయనను కోరింది ఒక్కటే, చెన్నై మేనేజరుకు ఫోను చేయవద్దని, వాయిస్ మెసేజీ అసలే పెట్టవద్దని. "తప్పయిపోయింది, సర్దుకుందాం" అని మర్యాదకు అనే మన అలవాటు మాట ఆర్బిట్రేటరు ముందు మర్యాదలా వినబడదు. పాత సందేశాలున్న ఫోనును కూడా మార్చవద్దన్నాను.

అక్టోబరు 9న చెన్నై లాయరు ఫోను చేశాడు. రెండు సిట్టింగులయ్యాక 2 లక్షల 60 వేలకు తెగింది. అడ్వాన్సు 4 లక్షల్లో వాళ్లు ఆపుకున్న 3 పోగా 1 లక్ష, ధర తేడాలో సగం 1 లక్షా 60 వేలు. జరిమానా, పరువు, వడ్డీ వాళ్లు వదులుకున్నారు. రాజీ పత్రంలో చెక్కు నంబరు రాయించి, డబ్బు ముట్టిన రోజే అసలు చెక్కు తిరిగి ఇవ్వాలని, ఆర్బిట్రేషను కోరికను వెనక్కి తీసుకుంటున్నామని రాయించాము. పత్రం ఇంగ్లీషులోనే వచ్చింది. పెద్దాయన సంతకానికి ముందు కళ్లజోడు సర్దుకొని, "కథ తర్వాత చెప్పు సామీ, ముందు తేదీలు చదువు" అన్నారు. మూడు తేదీలు ఉన్నాయి, మూడూ చదివాను.